స్క్రీనింగ్‌లో రియాక్టివ్ వచ్చిన గర్భిణి: ఒక హెచ్‌ఐవి కేసు, దాని వెనక లెక్క

ఆమెకు 27 ఏళ్లు. మొదటి గర్భం, పదకొండో వారం. గర్భిణులకు మామూలుగా చేసే రక్తపరీక్షల్లో భాగంగా హెచ్‌ఐవి స్క్రీనింగ్ చేశారు. మిగతావన్నీ బాగున్నాయి. హెచ్‌ఐవి దగ్గర మాత్రం మెషిన్ 2.3 అని చూపించింది. కటాఫ్ 1.0. అది దాటితే రియాక్టివ్ కిందే లెక్క.

నేను ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుని. సాధారణంగా పేషెంట్లు నా దగ్గరకు రారు, శాంపిళ్లే వస్తాయి. ఈమె మాత్రం భర్తతో కలిసి నేరుగా వచ్చి కూర్చుంది. అప్పటికే ఎవరో జూనియర్ డాక్టర్ ఫోన్‌లో "పాజిటివ్ వచ్చిందమ్మా" అని చెప్పేశారు. రాత్రంతా ఇద్దరూ నిద్రపోలేదని చూస్తేనే తెలుస్తోంది.

"ఈ కిట్ 99.5 శాతం కరెక్ట్ అని నెట్‌లో చదివాను డాక్టర్ గారూ. అంటే నాకు నూటికి 99.5 పాళ్లు ఉన్నట్టే కదా?" అని అడిగింది.

ఆమె చదివిన అంకె సరైనదే. అది ఏ ప్రశ్నకు జవాబో, అక్కడే పొరపాటు జరిగింది.

ఆ 99.5 అన్నది స్పెసిఫిసిటీ. హెచ్‌ఐవి లేని వెయ్యి మందికి ఈ టెస్టు చేస్తే 995 మందికి నాన్-రియాక్టివ్ అని సరిగ్గా చెబుతుంది, ఐదుగురికి తప్పుగా రియాక్టివ్ అంటుంది. ఇక్కడ జబ్బు లేదన్న సంగతి మనకు ముందే తెలుసు, టెస్టు ఏం చెబుతుందో చూస్తున్నాం. ఆమెకు కావాల్సింది దీనికి తలకిందులు. టెస్టు రియాక్టివ్ అన్నది తెలిసిపోయింది, జబ్బు ఉందో లేదో తెలియాలి. వాన పడితే నేల తడుస్తుంది, అది దాదాపు ఖాయం. నేల తడిగా ఉంది కాబట్టి వాన పడి ఉండాలంటే మాత్రం ఒప్పుకోలేం. పైపు పగిలి ఉండొచ్చు. వానలు అరుదైన కాలమైతే పైపు మీదే ఎక్కువ అనుమానపడాలి.

షరతుతో కూడిన సంభావ్యతలో P(A|B) అంటే B జరిగిందని తెలిశాక A జరిగే అవకాశం; అదీ, P(B|A) వేరువేరని చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా రిపోర్టు చేతిలో ఉన్నప్పుడు డాక్టర్లు కూడా ఈ రెండిటినీ కలిపేస్తారు. 1978లో హార్వర్డ్ వైద్య కళాశాల బోధనాసుపత్రుల్లో 60 మంది విద్యార్థుల్ని, డాక్టర్లని ఒక ప్రశ్న అడిగారు. వెయ్యిలో ఒకరికి ఉండే జబ్బు, 5 శాతం తప్పుడు పాజిటివ్‌లు ఇచ్చే టెస్టు. పాజిటివ్ వచ్చిన మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత? సరైన జవాబు 2 శాతం దగ్గర ఉంటుంది. 11 మంది మాత్రమే అది చెప్పగలిగారు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన జవాబు 95. కాబట్టి ఫోన్ చేసిన జూనియర్ మీద నాకు పెద్దగా కోపం రాలేదు. "పాజిటివ్" అన్న మాట వాడినందుకు మాత్రం వచ్చింది.

కాగితం మీద వేసిన లెక్క

ఇలాంటప్పుడు నేను శాతాల జోలికి పోను. మనుషుల్ని లెక్కపెడతాను. శాతాలుగా చెబితే తల ఊపి వెళ్లిపోయేవాళ్లు, మనుషులుగా చెబితే మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతారు.

లెక్క కోసం ఇలా అనుకుందాం. ఈమెలా ప్రత్యేకమైన రిస్కు ఏమీ కనిపించని గర్భిణులు లక్ష మంది. వాళ్లలో హెచ్‌ఐవి ఉండి, ఆ సంగతి తెలియనివాళ్లు వెయ్యికి ఒకరు. అంటే లక్షలో 100 మందికి ఉంది, 99,900 మందికి లేదు.

ఉన్న 100 మందినీ టెస్టు దాదాపుగా పట్టేసుకుంటుంది. ఇప్పటి నాలుగో తరం కిట్లు యాంటీబాడీలతో పాటు వైరస్ ముక్క అయిన పి24 యాంటిజెన్‌ని కూడా పసిగడతాయి కాబట్టి, తప్పించుకునేవాళ్లు చాలా తక్కువ. లెక్క సులువుగా ఉండటానికి 100కి 100 అనుకుందాం. లేని 99,900 మందిలో అర శాతం మందికి తప్పుగా రియాక్టివ్ వస్తుంది. అంటే సుమారు 500 మంది.

```
P(జబ్బు | రియాక్టివ్) = 100 / (100 + 500) = 1/6
```

మొత్తం రియాక్టివ్‌లు 600. అందులో నిజమైనవి 100. ఆరుగురిలో ఒకరు.

ఆమె భర్త కాగితాన్ని తన వైపు తిప్పుకుని కాసేపు చూశాడు. "మరి టెస్టు అంత మంచిదైతే ఇన్ని తప్పులేంటండీ?" అన్నాడు. మంచి ప్రశ్న. టెస్టు తప్పు చేసే రేటు తక్కువే. కానీ తప్పు జరగడానికి వీలున్న మనుషులు 99,900 మంది, ఒప్పు జరగడానికి ఉన్నది 100 మంది. పెద్ద గుంపులో చిన్న శాతం, చిన్న గుంపు మొత్తాన్నీ దాటేసింది.

ఇదే కిట్‌ని, పరీక్షకు వచ్చేవాళ్లలో నూటికి ఐదుగురికి ఇన్ఫెక్షన్ ఉండే క్లినిక్‌లో పెట్టి చూడండి. లక్షలో 5,000 మంది నిజమైన రియాక్టివ్‌లు, తప్పుడువి 475. అక్కడ రియాక్టివ్ వస్తే నిజమయ్యే అవకాశం 91 శాతం. కిట్ మారలేదు, స్పెసిఫిసిటీ మారలేదు. తలుపు తీసుకుని లోపలికి వచ్చిన మనుషులు మారారు. కిట్ డబ్బా మీద రాయలేని అంకె అది. రాయడం తయారీదారుల చేతిలోనూ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. వెయ్యికి ఒకరు అన్నది నేను వేసుకున్న అంచనా. ఆమె నోటి నుంచి హిస్టరీ తీసుకున్నాక, రక్తం ఎక్కించుకోవడం, ఇంజెక్షన్లు, పాత సంబంధాలు వంటివి అడిగాక వేసుకున్నది. భర్త పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు. అందుకే దాన్ని పదివేలకు ఒకరని తగ్గించడానికి నాకు చేయి రాలేదు. అలా తగ్గించి ఉంటే జవాబు నూటికి రెండుకు పడిపోయేది, వాళ్లు ఇంకొంచెం తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాళ్లు. కానీ ఎదుటివాళ్ల ముఖం చూసి వేసే అంకె అంచనా కాదు.

అర శాతం అన్నదాన్నీ గుడ్డిగా నమ్మను. కిట్‌తో వచ్చే కాగితంలో ఉన్న స్పెసిఫిసిటీ ఎక్కువగా రక్తదాతల మీద కొలిచింది అయి ఉంటుంది. గర్భిణులలో అది కాస్త తక్కువ కావచ్చు. దీన్ని ల్యాబ్‌లోనే సరిచూసుకోవచ్చు. జబ్బు ఇంత అరుదైనప్పుడు, మొత్తం రియాక్టివ్‌ల్లోంచి నిర్ధారణ అయినవాటిని తీసేసి, మిగిలినదాన్ని చేసిన టెస్టుల సంఖ్యతో భాగిస్తే దాదాపుగా తప్పుడు రేటే వస్తుంది. కొత్త లాట్ వచ్చినప్పుడల్లా రిజిస్టర్‌లో ఈ భాగహారం చేస్తాను. వెయ్యికి ఆరు రావాల్సిన రియాక్టివ్‌లు పది, పన్నెండు వస్తూ, నిర్ధారణలు మాత్రం ఎప్పటిలాగే ఉంటే, జబ్బు పెరగలేదు, కిట్‌కి ఏదో అయింది.

మళ్లీ చేస్తే సరిపోతుందా?

ఈ కేసులో అసలు ముడి ఇక్కడుంది. మొదటి రియాక్టివ్ రాగానే మా టెక్నీషియన్ పద్ధతి ప్రకారం అదే శాంపిల్‌ని అదే కిట్ మీద మళ్లీ రెండుసార్లు నడిపాడు. 2.2, 2.4. రెండూ రియాక్టివ్. ఫైల్ మీద మా దగ్గర ట్రైనింగ్‌లో ఉన్న అబ్బాయి పెన్సిల్‌తో ఒక చిన్న లెక్క వేసి పెట్టాడు. మొదటిసారి తప్పిన 500 మందిలో రెండోసారి కూడా తప్పేది అర శాతం, అంటే ఇద్దరు ముగ్గురు. కాబట్టి మళ్లీ రియాక్టివ్ వచ్చిందంటే 100కి 2.5 చొప్పున, నిజమయ్యే అవకాశం 97 శాతం పైన.

గుణకారంలో తప్పు లేదు. గుణించడమే తప్పు.

రెండోసారి తప్పు జరిగే అవకాశం అర శాతమే అనాలంటే, మొదటిసారి జరిగిన తప్పుకూ దీనికీ సంబంధం ఉండకూడదు. నాణెం రెండుసార్లు ఎగరేసినట్టు ఉండాలి. రక్తం అలా కాదు. తప్పుడు రియాక్టివ్‌లు రెండు రకాలు. ఒకటి పనిలో వచ్చే తప్పు: సీరంలో ఫైబ్రిన్ పోగులు మిగిలిపోవడం, సరిగ్గా సెంట్రిఫ్యూజ్ కాకపోవడం, పక్క శాంపిల్ తుంపర తగలడం. ఇవి మళ్లీ చేస్తే పోతాయి. రెండోది ఆ మనిషి రక్తంలోనే ఉన్నది: కిట్‌లో పూత పూసిన యాంటిజెన్‌కి పొరపాటున అతుక్కునే వేరే యాంటీబాడీ ఏదో ఉండటం. అది నాలుగుసార్లు చేసినా నాలుగుసార్లూ అతుక్కుంటుంది.

ఆ 500 మందిలో 100 మందిది మొదటి రకం, 400 మందిది రెండో రకం అనుకుందాం. మళ్లీ నడిపితే 100 మంది తప్పుకుంటారు. నిజమైనవాళ్లు 100, తప్పుడువాళ్లు 400. అవకాశం ఐదుగురిలో ఒకరికి చేరుతుంది. ఆరులో ఒకటి నుంచి ఐదులో ఒకటికి, అంతే. అబ్బాయి వేసిన 97 ఎక్కడ, ఈ 20 ఎక్కడ!

మళ్లీ చేయడం దండగని కాదు. చవకగా చెత్త ఏరేస్తుంది, చేయాల్సిందే. కానీ అది మన చేతి తప్పుల్ని ఏరుతుంది. రక్తంలో ఉన్న కారణాన్ని ముట్టుకోదు. అబ్బాయిని పిలిచి ఆ పెన్సిల్ గీతల కింద ఒకే వాక్యం రాయించాను: "మొదటిసారి తప్పిందని తెలిశాక, రెండోసారి తప్పే అవకాశం ఎంత?" ఇదీ షరతుతో కూడిన సంభావ్యతే. ఒకే ఫైల్‌లో అదే విషయాన్ని రెండు చోట్ల మర్చిపోయాం. ఆమె ఒకసారి, మేము ఒకసారి.

వేరే దారిలో వచ్చే టెస్టు

కావాల్సింది వేరే కారణాలకు తప్పు చేసే టెస్టు. వేరే యాంటిజెన్లు, వేరే తయారీ, వీలైతే వేరే సూత్రం. మేము చేసింది హెచ్‌ఐవి-1, హెచ్‌ఐవి-2 యాంటీబాడీలను విడివిడిగా చూపించే టెస్టు. మొదటి కిట్‌లో పొరపాటున అతుక్కున్న యాంటీబాడీ ఇక్కడ కూడా అతుక్కోవడం అరుదు. అయినా పూర్తిగా సంబంధం లేదనుకోను. రెండు కిట్లలోనూ యాంటిజెన్లు కొంతవరకు పోలి ఉంటాయి. అందుకే అర శాతం బదులు 2 శాతం వేసుకుంటాను. 400 మందిలో 8 మంది.

ఆమెకు ఇది కూడా రియాక్టివ్ వచ్చి ఉంటే పరిస్థితి వేరు. 106 మందిలో 98 మందికి నిజంగా ఉన్నట్టు, 92 శాతం దాకా. (98 ఎందుకన్నది కింద చెబుతాను.) అప్పుడు కూడా అది నూటికి నూరు కాదని గమనించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, వరుసగా మూడు టెస్టులు రియాక్టివ్ అయితేనే హెచ్‌ఐవి ఉందని తేల్చాలని అన్ని దేశాలకూ సూచించింది. అంతకుముందు జబ్బు ఎక్కువగా ఉన్నచోట్ల రెండు టెస్టులతోనే సరిపెట్టేవారు. ఉన్నవాళ్లలో చాలామందికి ఇప్పటికే తెలిసిపోయి చికిత్సలో ఉన్నారు కాబట్టి, కొత్తగా పరీక్షకు వచ్చేవాళ్లలో జబ్బు పాలు తగ్గింది. పాలు తగ్గితే ఏమవుతుందో పైన చూశాం. కిట్లు మెరుగైనా ఇంకో టెస్టు అవసరమైంది.

ఆమెకు రెండో టెస్టు నెగటివ్ వచ్చింది.

ఇక్కడ ఇంటికి పంపేయాలనిపిస్తుంది. ఆమె భర్త అప్పటికే లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. ఇన్ఫెక్షన్ సోకిన కొత్తలో ముందు వైరస్ ఆర్‌ఎన్‌ఏ, తర్వాత పి24 యాంటిజెన్, ఆ తర్వాతే యాంటీబాడీలు కనిపిస్తాయి. మొదటి కిట్ యాంటిజెన్‌ని కూడా చూస్తుంది. రెండోది యాంటీబాడీల్ని మాత్రమే. కాబట్టి ఇన్ఫెక్షన్ మరీ కొత్తదైతే మొదటిది రియాక్టివ్, రెండోది నెగటివ్ రావడం సరిగ్గా జరిగే పనే. నిజంగా ఉన్న 100 మందిలో ఇద్దరు ఆ దశలో ఉన్నారనుకుంటే, రెండో టెస్టుకు దొరికేది 98 మంది. నెగటివ్ వచ్చేవాళ్లలో ఆ ఇద్దరూ ఉంటారు. వాళ్లతో పాటు తప్పుడు రియాక్టివ్‌ల్లో మిగిలిన 392 మంది. అంటే 394లో 2, దాదాపు రెండు వందల్లో ఒకటి.

ఈ అంకె నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. ఆమె ఈ భవనంలోకి వచ్చేటప్పుడు అవకాశం వెయ్యిలో ఒకటి. ఒక టెస్టు ఉందంది, ఇంకోటి లేదంది. సమానమై మొదటికి రాలేదు. ఇంకా ఐదు రెట్లు ఎక్కువే ఉంది. పైగా గర్భిణి. ఇన్ఫెక్షన్ కొత్తగా ఉన్న దశలో రక్తంలో వైరస్ చాలా ఎక్కువగా ఉంటుంది, బిడ్డకు సోకే ప్రమాదమూ అప్పుడే ఎక్కువ. రెండు వందల్లో ఒకటిని వదిలేసే చోటు కాదు ఇది.

ఇంకో ప్రలోభం ఆ 2.3 అన్న అంకె. పాతుకుపోయిన ఇన్ఫెక్షన్‌లో మెషిన్ చూపించే విలువ సాధారణంగా కటాఫ్‌కి ఎన్నో రెట్లు ఉంటుంది. తప్పుడు రియాక్టివ్‌లు కటాఫ్ దగ్గరే తచ్చాడతాయి. కాబట్టి 2.3 చూడగానే ఇది తప్పుడుదే అయ్యుంటుందని ల్యాబ్‌లో అందరం అనుకున్నాం. అది న్యాయమైన ఊహే. కానీ దాన్ని తీసుకెళ్లి రెండో టెస్టు నెగటివ్‌తో కలిపి మళ్లీ గుణించి, రెండు వందల్లో ఒకటిని ఇంకెక్కడికో దించకూడదు. విలువ తక్కువగా చూపించే నిజమైన రోగులు ఎవరు? ఇన్ఫెక్షన్ కొత్తగా సోకినవాళ్లు. రెండో టెస్టు తప్పించుకునేది ఎవరు? వాళ్లే. రెండు ఆధారాలు అనుకుంటున్నవి, మనకు భయం ఉన్న ఆ ఇద్దరి విషయంలో, ఒకే ఆధారం.

కాబట్టి వైరస్ ఆర్‌ఎన్‌ఏ కోసం న్యూక్లియిక్ యాసిడ్ టెస్టుకు శాంపిల్ పంపాం. ఇది సోకిన సుమారు పది రోజుల నుంచే పట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆర్‌ఎన్‌ఏ టెస్టుకు దొరకని అరుదైన రోగులు ఉంటారు, కానీ వాళ్లలో యాంటీబాడీలు బాగా ఉంటాయి, రెండో టెస్టు వాళ్లని పట్టేస్తుంది. ఒకటి వదిలేసేవాళ్లని ఇంకోటి పట్టుకుంటుంది. ఇలా జత కుదిరినప్పుడే రెండు ఫలితాల్ని కలిపి ధైర్యంగా మాట్లాడొచ్చు.

ఆర్‌ఎన్‌ఏ కనిపించలేదు. భర్త టెస్టు నాన్-రియాక్టివ్. ఆరు వారాల తర్వాత కొత్త శాంపిల్ తీసుకుని చూస్తే, పాత కిట్ మీద 2.1, వేరే కంపెనీ కిట్ మీద నాన్-రియాక్టివ్. నిజంగా సోకి ఉంటే ఆరు వారాల్లో ఆ విలువ ఎగబాకి ఉండేది. హెచ్‌ఐవి లేదని రాసి సంతకం చేశాను.

రెండేళ్ల తర్వాత

కేసు ఫైల్ అక్కడ ముగిసింది. ఆమె రెండో గర్భంతో మళ్లీ వచ్చింది. కౌంటర్‌లో పాత ఫైల్ ఎవరూ చూడలేదు. శాంపిల్ అదే కిట్ మీదకి వెళ్లింది. 2.5. ఈసారి కంగారు పడింది కొత్తగా చేరిన టెక్నీషియన్ ఒక్కడే. ఆమె పాత రిపోర్టు జిరాక్స్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "మీ మెషిన్‌కి నేనంటే పడదు డాక్టర్ గారూ" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆరులో ఒకటన్న లెక్క ఇప్పుడు ఆమెకు వర్తించదు. అది తప్పు రేటు అర శాతం ఉన్న గుంపుకు వేసిన లెక్క. ఆమె రక్తం ఈ కిట్ మీద ప్రతిసారీ రియాక్టివ్ అవుతుందని మనకు తెలుసు కాబట్టి, ఆమె వరకు తప్పు రేటు అర శాతం కాదు, వందకు దగ్గర. జబ్బు ఉన్నా రియాక్టివ్, లేకపోయినా రియాక్టివ్. అలాంటి ఫలితం విన్నాక నమ్మకాన్ని పెంచాల్సిన పనీ లేదు, తగ్గించాల్సిన పనీ లేదు. మన అంచనా టెస్టుకు ముందు ఎంతో, తర్వాతా అంతే.

అంటే ఇది ఆమెను భయపెట్టకూడదు, ఊరడించకూడదు కూడా. "ఈవిడకు ఎప్పుడూ ఇంతే" అని టెక్నీషియన్ ఫైల్ మూసేయబోతే ఆపాల్సి వచ్చింది. ఈ రెండేళ్లలో ఏం జరిగిందో ఆ 2.5 చెప్పలేదు. పోయినసారి రియాక్టివ్ అబద్ధమైందంటే, ఈసారీ అబద్ధమేనని కాదు. హిస్టరీ మళ్లీ మొదటి నుంచి అడిగాను. వేరే కంపెనీ కిట్ మీద నడిపించి, ఆర్‌ఎన్‌ఏకి కూడా పంపాను. రెండూ నెగటివ్ వచ్చాయి. ఆమె ఫైల్ అట్ట మీద ఎర్ర ఇంకుతో ఆ కిట్ పేరు రాసి, "ఈమెకు దీని మీద పరీక్ష చేయవద్దు" అని రాశాను.